సమ్మె నోటీసు ఇచ్చిన రోజు నుంచి ఏం మారుతుంది? వేతన ఒప్పందం, ఫిర్యాదు, రాజీ చర్చల క్రమం

హోసూరు, బెంగళూరు, శ్రీపెరుంబుదూరు, సోలాపూర్, భివండి, రాయగడ - మన తెలుగు కుటుంబాలు రెండు మూడు తరాలుగా స్థిరపడిన ఈ ఊళ్ళలో ఇంటికొకరైనా ఫ్యాక్టరీ ఉద్యోగంలో ఉంటారు. మూడు నాలుగేళ్ళకొకసారి ఆ ఇంట్లో ఒకే మాట వినిపిస్తుంది: "సెటిల్మెంట్ ఎప్పుడవుతుందో." చర్చలు బెడిసినప్పుడు యాజమాన్యం నుంచి ఇంటికి ఉత్తరం వస్తుంది. అది కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఆ కాగితం పట్టుకొని మన సంఘం కార్యాలయానికి వచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "సమ్మె చేస్తే ఉద్యోగం పోతుందా?" అని. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. సమ్మె ఏ తేదీన మొదలైంది, అంతకుముందు ఏ కాగితం ఎవరికి ఎప్పుడు చేరింది అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. అందుకే ఈ వ్యాసంలో తేదీలు ఎక్కువ.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇప్పుడు ఉన్నది ఇదే. పాత యూనియన్ నాయకులు అలవాటుగా చెప్పే సెక్షన్ నంబర్లు, కొన్ని గడువులు దీనితో మారిపోయాయి. ఫారాలు, దరఖాస్తు పద్ధతి రాష్ట్రాన్నిబట్టి వేరుగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. అసలు క్రమం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఒకరి ఫిర్యాదు వేరు, అందరి డిమాండు వేరు

ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం చిక్కులు వస్తాయి. అబ్బాయికి రెండు రోజుల ఓవర్‌టైమ్ పడలేదు, ప్రమోషన్‌లో జూనియర్‌ని ముందుకు తెచ్చారు, సెలవు మంజూరైనా గైర్హాజరు వేశారు అనుకోండి. ఇవి ఫిర్యాదులు. ఇప్పటికే ఉన్న నియమాన్ని సరిగ్గా అమలు చేయలేదని చెప్పడం ఫిర్యాదు. కొత్త నియమం కావాలని, జీతం పెంచాలని అడగడం డిమాండు. రెండింటి దారులూ వేరు.

ఇరవై మంది లేక అంతకంటే ఎక్కువ కార్మికులున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపు కూడా అంతమందే ఉండాలి, మొత్తం పదిమందికి మించకూడదు. అధ్యక్ష పదవి ఒక ఏడాది వాళ్ళకు, ఒక ఏడాది వీళ్ళకు. పనిచేసే ఆడవాళ్ళ సంఖ్యకు తగ్గట్టు కమిటీలోనూ ఆడవాళ్ళు ఉండాలి. ఫిర్యాదుకు కారణం పుట్టిన ఏడాదిలోగా దరఖాస్తు ఇవ్వాలి, కమిటీ ముప్పై రోజుల్లో విచారణ ముగించాలి. నిర్ణయం నచ్చకపోయినా, అసలు నిర్ణయమే రాకపోయినా అరవై రోజుల్లో తన యూనియన్ ద్వారా రాజీ అధికారి దగ్గరికి వెళ్ళవచ్చు. రాజీ అధికారి అంటే కార్మిక శాఖ అధికారే. ఫ్యాక్టరీల్లో అందరూ కన్సిలియేషన్ ఆఫీసర్ అంటారు.

ఉద్యోగం తీసేస్తే దారి ఇంకొంచెం సూటిగా ఉంటుంది. ఒక్క మనిషిని తీసేసినా, యూనియన్ వెనక లేకపోయినా, దాన్ని చట్టం పారిశ్రామిక వివాదంగానే చూస్తుంది. రాజీ అధికారికి దరఖాస్తు ఇచ్చి నలభై ఐదు రోజులు దాటితే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అయితే తీసేసిన తేదీ నుంచి రెండేళ్ళు దాటకూడదు. పాత చట్టంలో ఇది మూడేళ్ళు. "ఇంకా టైముంది" అని కూర్చునేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

నలభై ఏళ్ళు గుమాస్తా పని చేసినవాడిగా ఒక మాట చెప్తాను. నోటితో చెప్పిన ఫిర్యాదు ఫిర్యాదు కాదు. రెండు ప్రతులు రాయండి, ఒకదాని మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముప్పై రోజులు లెక్కపెట్టాలంటే మొదటి రోజు ఏదో కాగితం మీద ఉండాలి కదా.

ఒప్పందం ఎలా మొదలవుతుంది

ఇక డిమాండ్ల సంగతి. ఉదాహరణకు హోసూరు పక్కన ఒక విడిభాగాల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. పర్మనెంటు కార్మికులు 340 మంది. మూడేళ్ళ ఒప్పందం మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ 1న అది దానంతటదే రద్దవుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అలా కాదు. గడువు తీరినా, రద్దు చేయదలచామని ఒక పక్షం రాతపూర్వకంగా తెలిపి, ఆ నోటీసు తర్వాత అరవై రోజులు గడిచేదాకా పాత ఒప్పందం ఇద్దర్నీ కట్టిపడేస్తుంది. ఒప్పందం నడుస్తుండగా అందులో ఉన్న అంశం మీద సమ్మె చేస్తే అది చట్టవిరుద్ధం. అంటే రద్దు నోటీసు ఇవ్వడం మరిచిన యూనియన్ మిగతా మెట్లన్నీ సరిగ్గా ఎక్కినా చివరి మెట్టు దగ్గర జారిపడుతుంది. మన ఉదాహరణలో యూనియన్ జనవరి 25నే ఆ నోటీసు ఇచ్చింది, ఫిబ్రవరిలో డిమాండ్ల పత్రం అందించింది.

ఎవరు మాట్లాడాలన్నది తర్వాతి ప్రశ్న. ఒకటి కంటే ఎక్కువ యూనియన్లు ఉంటే, హాజరు పట్టీలోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియనే ఏకైక చర్చా యూనియన్ అవుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే చర్చా మండలి ఏర్పడుతుంది. అందులో ప్రతి ఇరవై శాతానికి ఒక ప్రతినిధి చొప్పున చోటు దొరుకుతుంది.

ఈ ప్రశ్న తేలకుండా దిగితే ఏమవుతుందో చూసిన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. అందులో తెలంగాణ నుంచి వెళ్ళి వర్లీ, పరేల్ ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో. నడిపించింది డాక్టర్ దత్తా సామంత్. కానీ 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం మాట్లాడే హక్కు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌ది. కార్మికులు ఒకరి వెంట, చట్టం ఇంకొకరి వెంట. యాజమాన్యాలు చట్టం గుర్తించిన యూనియన్‌తో తప్ప మాట్లాడమన్నాయి. ఏడాది దాటినా సంతకం పెట్టే మనిషే తేలలేదు. ఆ సమ్మెకు అధికారికంగా ముగింపు ప్రకటన కూడా లేదు, వేలాది ఉద్యోగాలు మాత్రం పోయాయి. మిల్లుల పాత యంత్రాలు, పవర్‌లూమ్‌ల పోటీ కూడా కారణాలే, కాదనను. అయినా బల్లకు అవతల కూర్చునే హక్కు తేలకుండా ఎంత పెద్ద సమ్మె అయినా బేరంగా మారదని అక్కడ తెలిసింది. 2024లో శ్రీపెరుంబుదూరు దగ్గర శాంసంగ్ ఫ్యాక్టరీలో నెలకు పైగా సాగిన సమ్మెలో కూడా జీతంతో పాటు యూనియన్ రిజిస్ట్రేషన్, గుర్తింపే పెద్ద పేచీ అయింది.

మన ఉదాహరణకు వద్దాం. యూనియన్ నెలకు 12,000 పెంపు అడిగింది, యాజమాన్యం 4,500 అంది. ఏప్రిల్ నుంచి జూలై వరకు పదకొండు సార్లు కూర్చున్నారు. యూనియన్ 9,500కి దిగింది, యాజమాన్యం 5,500 దగ్గర ఆగింది. ఈ దశలో రెండు పక్షాలూ మనసులో ఒక లెక్క వేసుకుంటాయి. 340 మందికి నెలకు వెయ్యి రూపాయలు పెంచితే యాజమాన్యానికి ఏడాదికి 40 లక్షల 80 వేలు, పీఎఫ్, గ్రాట్యుటీ భారం అదనం. పని ఆగితే రోజుకు ఎంత నష్టం, గోదాములో సరుకు ఎన్ని రోజులకు వస్తుంది అన్నది వాళ్ళ లెక్క. నెలకు 28,000 తెచ్చుకునే కార్మికుడు పది పనిదినాలు సమ్మెలో ఉంటే, నెలకు ఇరవై ఆరు రోజుల లెక్కన దాదాపు 10,770 రూపాయలు పోతాయి. సమ్మె వల్ల అదనంగా వెయ్యి వస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి పదకొండు నెలలు. మూడేళ్ళ ఒప్పందంలో మిగతా ఇరవై ఐదు నెలలు లాభం. సమ్మె నెలరోజులు సాగితే ఆ లాభంలో ఎక్కువ భాగం కరిగిపోతుంది. ఈ లెక్క ఇంట్లో ఆడవాళ్ళకు ముందే తెలిసి ఉండాలని నా అభిప్రాయం. అద్దె, చీటీ కట్టేది వాళ్ళే.

నోటీసు చేరిన రోజు నుంచి

పాత చట్టంలో పద్నాలుగు రోజుల నోటీసు నియమం నీళ్ళు, కరెంటు, రవాణా వంటి ప్రజావసర సేవలకే. ఇప్పుడు ప్రతి పారిశ్రామిక సంస్థకూ ఉంది. నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి, నోటీసులో రాసిన తేదీ దాటాలి, నోటీసు ఇచ్చిన అరవై రోజుల్లోపే సమ్మె మొదలవ్వాలి. అరవై దాటితే ఆ నోటీసు చెల్లదు, మళ్ళీ ఇవ్వాల్సిందే. లాకౌట్ ప్రకటించాలంటే యాజమాన్యానికీ ఇలాంటి నోటీసు నియమమే ఉంది.

మన యూనియన్ ఆగస్టు 1న నోటీసు ఇచ్చింది. "ఆగస్టు 18న గానీ, ఆ తర్వాత ఏ రోజైనా గానీ" అని రాసింది. అనుభవమున్న యూనియన్లు ఇలాగే రాస్తాయి, ఎందుకో కింద తెలుస్తుంది.

అక్కడితో మూడో మనిషి గదిలోకి వస్తాడు. అంతదాకా ఇద్దరి మధ్య బేరం. సమ్మె నోటీసు అందాక రాజీ అధికారి చర్చలు జరపడం తప్పనిసరి. ఆయన తీర్పు చెప్పడు, ఎవరినీ ఒప్పించి తీరాలని లేదు. ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర, ఆ తర్వాత విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, అసలు ఎంతకు దిగుతారో చెవిలో అడుగుతాడు. యాజమాన్యం నేరుగా యూనియన్‌కు 7,000 అని చెప్పలేదు, చెబితే అదే కొత్త నేల అవుతుంది. అధికారి నోట "ఏడు వేల చుట్టూ ఆలోచిస్తారా" అన్న మాట రావచ్చు. పదకొండు సమావేశాల్లో కదలనిది పన్నెండో సమావేశంలో కదలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

రెండో మార్పు గడియారాలు. ఇక్కడే కొత్త కోడ్ ఒక ముఖ్యమైన తేడా తెచ్చింది. పాత చట్టంలో అధికారికి నోటీసు అందిన రోజే రాజీ ప్రక్రియ మొదలైనట్టు. ఇప్పుడు ఆయన మొదటి సమావేశం జరిపిన రోజు మొదలైనట్టు. ఆగస్టు 7న మొదటి సమావేశం జరిగిందనుకోండి. ఆ రోజు నుంచి ప్రక్రియ ముగిసేదాకా, ముగిశాక ఇంకో ఏడు రోజులు సమ్మె నిషేధం. సమ్మె నోటీసు ఉన్నప్పుడు అధికారి పద్నాలుగు రోజుల్లో నివేదిక ఇవ్వాలి కాబట్టి ఆగస్టు 21న, రాజీ కుదరలేదని రాసి, ప్రక్రియ ముగిసిందనుకుందాం. ఏడు రోజులు కలిపితే ఆగస్టు 28. నోటీసులో 18 అని ఉన్నా, 29కి ముందు పని ఆపితే అది చట్టవిరుద్ధమే. అరవై రోజుల లెక్క సెప్టెంబరు 30తో తీరుతుంది. అంటే యూనియన్‌కు ఉన్న కిటికీ ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 30 వరకు.

ఆ కిటికీ కూడా మూసుకుపోవచ్చు. రాజీ కుదరనప్పుడు ప్రభుత్వం పంపేదాకా ఆగాల్సిన పని ఇప్పుడు లేదు, ఏ పక్షమైనా తొంభై రోజుల్లో నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ట్రిబ్యునల్‌లో విచారణ నడుస్తున్నంతకాలం, ముగిశాక ఇంకో అరవై రోజులు సమ్మెకు వీల్లేదు. కాబట్టి ఆగస్టు 21కీ 28కీ మధ్య యాజమాన్యం ట్రిబ్యునల్ తలుపు తడితే 29న పని ఆపే దారే ఉండదు. యూనియన్లు ఈ కోడ్‌ను తప్పుబట్టే ప్రధాన కారణాల్లో ఇది ఒకటి. కాగితం మీద సమ్మె హక్కు ఉన్నా చేతికి అందదని వాళ్ళ వాదన, అందులో నిజం లేకపోలేదు. ఇలాంటి ఆలోచన కొత్తది కూడా కాదు. మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, వివాదాన్ని బలవంతంగా ట్రిబ్యునల్‌కు పంపడం కన్నా ఇరుపక్షాలే తేల్చుకోవడం మేలని వాదించారు. దానికి గిరి పద్ధతి అన్న పేరు కూడా వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆయన మంత్రి పదవి వదులుకున్నారు.

మూడో మార్పు యాజమాన్యం చేతులకు పడే కట్లు. రాజీ ప్రక్రియ నడుస్తున్నప్పుడు, వివాదంలో ఉన్న అంశాల్లో కార్మికులకు నష్టం కలిగేలా పని షరతులు మార్చకూడదు. ఆ వివాదానికి సంబంధించిన తప్పు చేశాడని ఎవరినైనా తీసేయాలన్నా, శిక్షించాలన్నా ఆ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. సంబంధం లేని తప్పయితే నియమాల ప్రకారం చర్య తీసుకోవచ్చు. అప్పుడు కూడా ఉద్యోగం నుంచి తీసేస్తే నెల జీతం చెల్లించి, ఆ చర్యకు ఆమోదం కోరాలి. అందుకే సమ్మె వాసన తగలగానే ఛార్జిషీట్లు "సంబంధం లేని" కారణాలతో వస్తాయి. ఆర్నెల్ల కిందటి ఆలస్యం, ఎప్పటిదో మెషీన్ స్క్రాప్. అలాంటి కాగితం వస్తే కోపంతో తిప్పి పంపకండి. తీసుకొని తేదీ వేసి, గడువులోగా జవాబు రాయండి. జవాబు ఇవ్వలేదన్నదే తర్వాత పెద్ద నేరమవుతుంది.

షాపు ఫ్లోరులో కనిపించే గుర్తులు ఇంకొన్ని ఉంటాయి. ఒక్కసారిగా ఓవర్‌టైమ్ పెరిగిందంటే సరుకు నిల్వ చేస్తున్నారని. పూర్తయిన సరుకు రాత్రిపూట బయటి గోదాముకు తరలుతుందన్నా అదే. కాంట్రాక్టు వాళ్ళకు పర్మనెంటు మెషీన్ల మీద పని నేర్పుతున్నారన్నా అదే. ఏడాదిగా కదలని చిన్న ఫిర్యాదులు, కాంటీన్, యూనిఫాం, బస్సు, రెండు రోజుల్లో తీరిపోతాయి. అవి తీరడం మంచిదే, కానీ వాటిని జీతం పెంపుకు బదులుగా లెక్కలో రాసుకోకూడదు.

నోటీసు లేకుండా పని ఆపితే

కొందరు కుర్రాళ్ళు, "సమ్మె అనకుండా అందరం ఒకేరోజు సెలవు పెడదాం" అంటారు. ఆ దారి మూసేశారు. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కొని ఒకేరోజు క్యాజువల్ లీవు పెడితే అది సమ్మెగానే లెక్క.

చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా నెలదాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పాత చట్టంలో జరిమానా యాభై రూపాయలు. ప్రేరేపించినవారికి పదివేల నుంచి యాభైవేల దాకా. నిజానికి కార్మికుడికి ఎక్కువగా తగిలేది కోర్టు జరిమానా కాదు, జీతం కోత. పదిమంది లేక అంతకంటే ఎక్కువ మంది కలిసి నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా గైర్హాజరైతే, ఉద్యోగ షరతుల్లో అలా ఉన్నచోట, ఎనిమిది రోజుల జీతం దాకా కోయవచ్చు. చట్టబద్ధంగా సమ్మె చేసినా ఆ రోజుల జీతం దానంతటదే రాదు. 1994లో సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, సమ్మె చట్టబద్ధమూ న్యాయసమ్మతమూ రెండూ అయితేనే జీతం అడగవచ్చని చెప్పింది.

మొదట అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. చట్టబద్ధమైన సమ్మెలో ఉన్నందుకే ఉద్యోగం తీసేయడం కుదరదు. చట్టవిరుద్ధమైన సమ్మె అయినా విచారణ లేకుండా తీసేస్తే ట్రిబ్యునల్‌లో నిలబడడం కష్టం. కానీ ట్రిబ్యునల్‌కు పట్టే ఏళ్ళు ఆ కుటుంబం మీదే పడతాయి.

సంతకం పెట్టేముందు చివరి పేజీ

మన ఉదాహరణలో ఆగస్టు 20 సాయంత్రం, గడువుకు ఒక రోజు ముందు, 7,400 దగ్గర కుదిరిందనుకుందాం. మొదటి ఏడాది 4,000, రెండో ఏడాది 2,000, మూడో ఏడాది 1,400. బోర్డు మీద 7,400 అని రాస్తారు. మూడేళ్ళలో చేతికి వచ్చేది మాత్రం వేరే లెక్క: నాలుగువేలు ముప్పై ఆరు నెలలు, రెండువేలు ఇరవై నాలుగు నెలలు, పద్నాలుగు వందలు పన్నెండు నెలలు. మొత్తం 2,08,800. మొదటి నెల నుంచే 7,400 ఇచ్చి ఉంటే 2,66,400 వచ్చేది. బోర్డు మీది అంకె ఒకటే, తేడా 57,600.

రాజీ అధికారి ముందు కుదిరిన ఒప్పందం యూనియన్‌లో లేనివాళ్ళకు, తర్వాత చేరేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. అధికారి లేకుండా ఇద్దరే చేసుకున్నది ఆ ఇద్దరికే. మీ అబ్బాయి ఏ యూనియన్‌లోనూ లేడంటే ఏది జరిగిందో కనుక్కోండి.

తర్వాత చివరి పేజీ. బకాయిలు ఏప్రిల్ 1 నుంచా, సంతకం తేదీ నుంచా? ఛార్జిషీట్లు వెనక్కి తీసుకుంటామని రాశారా, నోటితో అన్నారా? ఉత్పత్తి ఎంత పెంచాలని ఒప్పుకున్నారు, కరెంటు పోయినా మెటీరియల్ రాకపోయినా ఆ లెక్క వర్తిస్తుందా? "ఒప్పంద కాలంలో ఆర్థిక భారం కలిగించే మరే డిమాండు చేయరాదు" అన్న వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలో ఉంటుంది, అది తప్పదు. మంచి ప్రవర్తన హామీపత్రం మీద విడివిడిగా సంతకాలు అడిగితే మాత్రం యూనియన్‌ను అడగకుండా పెట్టకండి.

భాష రాకపోతే ఒప్పందం నకలు తెచ్చుకొని మన సంఘం కార్యాలయానికి రండి. ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా కన్నడం, తమిళం చదివేవాళ్ళు ఉంటారు. ఒప్పందంతో పాటు గత మూడు నెలల జీతం చీటీలు, వచ్చిన ఉత్తరాలు కవరుతో సహా తీసుకురండి. తేదీ తేలాల్సివస్తే కవరు మీది పోస్టు ముద్రే పనికొస్తుంది.